‘వాడు కూడా నవ్వాడు కదమ్మా!’

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. వాడి క్లాసులో నత్తి ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఆ అబ్బాయి మాట్లాడుతుండగా తీసిన ఫోటోను మావాడు ఒక ఏఐ యాప్‌లో పెట్టి, నోరు తెరిచి ఇరుక్కుపోయిన పాత రేడియోలా, మేకలా, ఆగిపోయిన ఫ్యానులా మీమ్స్ చేయించాడు. వాటిని 42 మంది ఉన్న క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రేడియో బొమ్మ స్టిక్కర్‌గా మారి పక్క సెక్షన్‌కు కూడా పాకింది. మరెవరో అదే ఫోటోకు చీర కట్టించారు. ఆ అబ్బాయి ఆరు రోజులుగా బడికి రావడం లేదని క్లాసు టీచరు ఫోను చేస్తేగానీ నాకు ఈ సంగతి తెలియలేదు. మావాణ్ణి కొట్టాను, ఫోను లాక్కున్నాను. ‘వాడు కూడా నవ్వాడు కదమ్మా! అది నిజం కాదని అందరికీ తెలుసు. నేను గీయలేదు, యాప్ గీసింది. అయినా తీసేశాను కదా’ అంటున్నాడు. ‘నీకే అలా చేస్తే ఎలా ఉంటుంది?’ అంటే ‘నేనైతే నవ్వేస్తాను’ అన్నాడు. మావారేమో పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అంటున్నారు. వాడికి ఎలా చెప్పను? వాణ్ణి తీసుకుని ఆ అబ్బాయి ఇంటికి వెళ్లమంటారా?
– ఒక తల్లి

జవాబు: ‘నీకే అలా చేస్తే?’ అనే ప్రశ్న ఇక అడగకండమ్మా. మీ అబ్బాయి చెప్పిన జవాబు అబద్ధం కాకపోవచ్చు. వాడి జుట్టు మీదో, లెక్కల మార్కుల మీదో ఎవరైనా బొమ్మ చేస్తే నిజంగానే నవ్వేస్తాడేమో. జుట్టు నెలకోసారి మారుతుంది, మార్కులు పరీక్షకోసారి మారతాయి. నత్తి అలా మారదు. అది ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి వాడికి తెలిసిందేమీ లేదు. ముందు ఆ తెలియనిది చెప్పండి. తిట్టు తరువాత చూసుకోవచ్చు.

నత్తి ఉన్న పిల్లవాడు మాట తెలియక ఆగడు. ఏం చెప్పాలో పూర్తిగా తెలుసు. పదం గొంతు దాకా వచ్చి అక్కడ పట్టేస్తుంది. ఎక్కడ పట్టేస్తుందో చాలాసార్లు ముందే తెలిసిపోతుంది కూడా. అందుకే ఆ పదాన్ని వదిలేసి పక్కదారిలో మరో పదం వెతుక్కుంటారు. ‘పుస్తకం’ రాదనిపిస్తే ‘బుక్కు’ అంటారు. సొంత పేరుకు మాత్రం అలా మారుపదం దొరకదు. చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట తమ పేరే. పదిమందీ తన నోటి వంకే చూస్తున్నారన్న భయం పెరిగేకొద్దీ ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. నేను హైస్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక అబ్బాయి, హాజరు పిలుస్తుంటే తన నంబరుకు నాలుగు నంబర్ల ముందు నుంచే బల్ల అంచును గట్టిగా పట్టుకునేవాడు. వేళ్ల కణుపులు తెల్లబడేవి. అది గమనించడానికి నాకు మూడు నెలలు పట్టింది, సిగ్గుతో చెబుతున్నాను.

ఈ సంగతి మీ అబ్బాయికి చెప్పాక ఆ ఫోటో దగ్గరికి రండి. మాట్లాడుతున్న ఎవరినైనా సగంలో ఫోటో తీస్తే ముఖం వింతగానే ఉంటుంది. కావాలంటే మీ వీడియోనే ఒకటి మధ్యలో ఆపి వాడికి చూపించండి. ఆ రోజు ఎగ్జిబిషన్‌లో ఆ అబ్బాయి పట్టేసిన పదాన్ని దాటుకుని, తన ప్రాజెక్టు గురించి మిగతాది చెప్పే ఉంటాడు. ఫోటోలో మాత్రం ఆ క్షణం దాటలేదు. మీవాడు దాన్ని రేడియోకు అంటించాక అది నలభై ఫోన్లలో అక్కడే ఆగిపోయింది.

‘నిజం కాదని అందరికీ తెలుసు’ అన్న మాటకు ఇక్కడే జవాబు ఉంది. ఆ అబ్బాయి నిజంగా రేడియో అని ఎవరూ అనుకోరు. మీరు వాణ్ణి ఒకటే అడగండి: ‘ఇప్పుడు వాడి పేరు వినగానే నీకు మొదట ఏం గుర్తొస్తుంది?’ అని. నిజాయతీగా చెబితే రేడియో అంటాడు. మిగతా వాళ్లకూ అదే గుర్తొస్తుంది. ఇంతకు ముందు ఆ అబ్బాయి నోరు తెరిచినప్పుడు ఒక్క పదంతోనే కుస్తీ పట్టేవాడు. ఇకపైన తన ముఖం చూస్తూ ఎదుటివాళ్లు ఏ బొమ్మను తలుచుకుంటున్నారో అన్న ఆలోచనతో కూడా పట్టాలి. భయం పెరిగితే పట్టు బిగుస్తుందని పైన చెప్పాను కదా, మీవాడి బొమ్మ అచ్చంగా ఆ భయాన్నే పెంచుతుంది. అంటే ఎగతాళి చేసి ఊరుకోలేదు, ఆ అబ్బాయి మాటను ఇంకా కష్టం చేశాడు. బడి మానేయడానికి కారణం అలకే అనుకోకండి. బడికి వస్తే హాజరు పలకాలి.

1967లో డేవిడ్ ఎల్కిండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వయసు పిల్లల గురించి ‘ఊహా ప్రేక్షకులు’ అనే మాట వాడాడు. తమ మొటిమనూ చొక్కా మీది మరకనూ లోకమంతా కళ్లప్పగించి చూస్తోందని ఈ వయసులో అనిపిస్తుందట. మామూలుగా అయితే మనం ‘ఎవరూ చూడట్లేదు నాన్నా’ అని ధైర్యం చెబుతాం, అది నిజం కూడా. ఆ అబ్బాయికి మాత్రం ఆ మాట చెప్పే వీలు అతని తల్లికి లేదు. ఎవరెవరు నవ్వారో గ్రూపులోనే కనబడుతోంది.

ఇక యాప్ గీసిందన్న వాదన. ఇది అంత తేలికైన వాదనేమీ కాదు. మీవాడు నిజంగానే అలా అనుకుంటూ ఉండవచ్చు, ఎందుకంటే బొమ్మ గీయడానికి పట్టే శ్రమ వాడికి తగల్లేదు. చేత్తో గీసేవాడికి రెండో గీతకో మూడో గీతకో ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, ఒక్కోసారి చెయ్యి ఆగుతుంది. ఇక్కడ ఒక వాక్యం కొడితే నాలుగు బొమ్మలు వచ్చి పడతాయి, చెయ్యి ఆగే చోటే లేదు. అయితే ఆ వాక్యం కొట్టింది మాత్రం వాడే. చాలా యాప్‌లలో పాతవి చూసుకునే వీలుంటుంది. మీ ఇద్దరే కూర్చుని, బొమ్మలు తెరవకుండా, వాడు కొట్టిన వాక్యాలను మాత్రం వాడి చేత చదివించండి. ‘మాట రాక నోరు తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు చూపించు’ అన్నట్టు ఏదో ఉంటుంది. యాప్‌కు ఆ అబ్బాయి ముఖమే తెలుసు, నత్తి సంగతి తెలియదు. ఆ సంగతి చెప్పింది మీవాడు. చదువుతున్నప్పుడు వాడి గొంతు తగ్గితే మీరు మధ్యలో ఏమీ అనకండి.

‘వాడు కూడా నవ్వాడు.’ పిల్లలు దీన్ని గట్టి సాక్ష్యం అనుకుంటారు. మీవాణ్ణి గ్రూపులో ఆ అబ్బాయి పెట్టిన నవ్వు ఎమోజీ దగ్గరికి వెళ్లమనండి. 42 మంది చూస్తుండగా ఆ అబ్బాయి ఇంకేం చేయగలిగేవాడో వాణ్ణే చెప్పమనండి. ఊరుకుంటే ఏడుస్తున్నాడంటారు. కోప్పడితే ఆ కోపం మీద ఇంకో మీమ్ తయారవుతుంది. గ్రూపు వదిలి వెళ్లిపోతే హోంవర్కూ పరీక్షల తేదీలూ తెలియవు, పైగా వెళ్లిపోయాడన్నది కొత్త కబురు అవుతుంది. అందరికంటే ముందు తానే నవ్వేస్తే కనీసం ఆ పూటకు వదిలేస్తారు. మాట్లాడటం కష్టమైన పిల్లలకు ఈ విద్య చిన్నప్పుడే అబ్బుతుంది. తరువాత ఇంకొక్కటి చూడమనండి: ఆ నవ్వు పెట్టాక ఆ అబ్బాయి ఆ గ్రూపులో మళ్లీ ఏమైనా రాశాడా? నా అంచనా తప్పయితే సంతోషిస్తాను, కానీ ఒక్క అక్షరం కూడా ఉండకపోవచ్చు. అంతకు ముందు నెలలో ఎన్ని రాశాడో కూడా లెక్కపెట్టమనండి. మీరు పది నిమిషాలు ఉపన్యసించేదాని కంటే ఆ రెండు అంకెలు వాడికి బాగా అర్థమవుతాయి.

తీసేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాట్సాప్‌లో Delete for everyone నొక్కడానికి సుమారు రెండున్నర రోజుల గడువే ఉంటుంది. ఆ లోపు నొక్కినా పోయేది తాను పెట్టిన సందేశం ఒక్కటే. ఎవరైనా ఫార్వర్డ్ చేసినది వేరే సందేశం, దాని మీద వీడికి అధికారం లేదు. ఐఫోన్ ఉన్నవాళ్ల గ్యాలరీలో ఫోటో అప్పటికే చేరి ఉంటే అక్కడే ఉండిపోవచ్చు. స్టిక్కర్‌ను దాచుకున్నవాడి దగ్గర అది సంవత్సరం తరువాత కూడా ఉంటుంది. పక్క సెక్షన్‌కు చేరిన స్టిక్కర్ మీద ఎవరు చేశారన్న పేరు ఉండదు, ఎవరి ముఖమో మాత్రం ఉంటుంది.

పరాయివాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో వాడికి చెప్పాలంటే కెనడాలో జరిగింది ఒకటుంది. క్యూబెక్ రాష్ట్రంలో 2002లో 14 ఏళ్ల అబ్బాయి ఒకడు బడిలో ఒంటరిగా, కెమెరా ముందు ఒక కర్రను కత్తిలా తిప్పుతూ తనను తాను వీడియో తీసుకున్నాడు. కొన్ని నెలలకు ఆ టేపు తోటి విద్యార్థుల చేతికి చిక్కింది, 2003లో వాళ్లు దాన్ని నెట్‌లో పెట్టారు. ముక్కూ మొహం తెలియని జనం ఆ కర్రకు వెలుగులు అద్ది, సంగీతం కలిపి, రకరకాల వీడియోలు తయారుచేశారు. ఆ అబ్బాయి బడి వదిలేయాల్సి వచ్చింది. తల్లిదండ్రులు ఆ విద్యార్థుల కుటుంబాల మీద వేసిన దావా 2006లో రాజీతో ముగిసింది. తనను చచ్చిపొమ్మని రాసినవాళ్లు కూడా ఉన్నారని అతను 2013లో, పెద్దవాడయ్యాక చెప్పాడు. మొదట పెట్టిన పిల్లలు ఆ వెలుగులు అద్దలేదు, చచ్చిపొమ్మనీ అనలేదు. సరుకు మాత్రం అందించారు. మీవాడు చీర కట్టించలేదు. చీర కట్టించినవాడికి ఫోటో ఎక్కడ దొరికిందో అడగండి.

మీవారి మాట కూడా కొట్టిపారేయలేను. మా కాలంలోనూ ఇవి ఉండేవి. ఎనిమిదో తరగతిలో నేనే ఒక అమ్మాయి ఎత్తుపళ్లను నల్లబల్ల మీద సుద్దముక్కతో గీశాను. తెలుగు మాస్టారు వచ్చి, బొమ్మ చూసి, ఎవరు గీశారని కూడా అడగకుండా డస్టరుతో తుడిచేసి పద్యం మొదలుపెట్టారు. దాంతో అయిపోయింది. నిజానికి ఆ అమ్మాయికి అయిపోయిందో లేదో నేను ఇప్పటికీ అడగలేదు. కానీ నల్లబల్ల ఆమె ఇంటికి వెళ్లలేదు, పక్క సెక్షన్‌కు వెళ్లలేదు. మీవారికి చెప్పవలసింది ఇంతే: పిల్లలు ఆయన చిన్నప్పటి పిల్లల లాంటివాళ్లే, డస్టరు మాత్రం లేదు.

చట్టం సంగతి వాడికి చెప్పండి, కానీ మొదటి రోజే వద్దు. భయపెడితే తప్పు ఒప్పుకోవడం మాని ఆధారాలు చెరపడం మొదలుపెడతాడు. చెప్పేటప్పుడు గీత ఎక్కడుందో స్పష్టంగా చెప్పండి. 18 ఏళ్ల లోపు పిల్లల ముఖంతో నగ్నంగానో అశ్లీలంగానో బొమ్మ తయారైతే ఐటీ చట్టంలోని 67బి సెక్షనూ పోక్సో చట్టమూ వర్తిస్తాయి. 2019 సవరణ తరువాత పోక్సోలో కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మ ప్రస్తావన కూడా స్పష్టంగా ఉంది. అలాంటి నేరం తమ దృష్టికి వస్తే బడివాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, సర్దుబాటు చేసుకునే వీలు వాళ్లకు లేదు. చేసినవాడు మైనరైతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళుతుంది. స్పెయిన్‌లో అల్మెంద్రలేహో అనే ఊళ్లో 2023లో బడి పిల్లలు తోటి ఆడపిల్లల ఫోటోలను ఇలాగే యాప్‌తో నగ్నచిత్రాలుగా మార్చి వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నారు. మరుసటి ఏడాది 15 మంది పిల్లలకు కోర్టు ఏడాది పాటు పర్యవేక్షణ శిక్ష వేసింది. మీరు రాసినదాన్ని బట్టి మీవాడి బొమ్మలు అంత దూరం పోలేదు. అదే ఫోటో మీద ఇంకొకడి చెయ్యి పడి ఇప్పటికే చీర దాకా వచ్చింది. తరువాతి చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఏం చేయాలన్నది. దారులు కొన్ని ఉన్నాయి, ఏదీ పూర్తిగా సుఖమైనది కాదు.

వాణ్ణి తీసుకుని నేరుగా ఆ ఇంటికి వెళ్లడం మీకు అన్నిటికంటే గౌరవంగా అనిపించవచ్చు. నాకు మాత్రం అది భయం. తలుపు తీసేసరికి ఎదురుగా మీరిద్దరూ ఉంటే, ఆ అబ్బాయి పెద్దవాళ్ల ముందు నిలబడి ‘పర్వాలేదు’ అని పలకాల్సి వస్తుంది. అప్పుడు క్షమాపణ అందుకోవడం కూడా అతనికి నోటి పరీక్షే అవుతుంది. పైగా ఇంట్లో ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో మనకు తెలియదు. టీచరు ద్వారా అడిగి ముందు ఆ తల్లికో తండ్రికో మీరు ఒక్కరే ఫోను చేయండి. జరిగింది తగ్గించకుండా చెప్పండి. రమ్మంటే వెళ్లండి, వద్దంటే అక్కడితో ఆగండి. వాళ్లు నాలుగు మాటలు అంటారు, పడండి. పిల్లవాడు తిండీ నిద్రా మానేశాడనో, బతకాలని లేదన్నాడనో వాళ్లు చెబితే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి, ఆలస్యం చేయవద్దనండి.

క్షమాపణ ఉత్తరంగా రాస్తే ఆ అబ్బాయి తనకు వీలైనప్పుడు చదువుకుంటాడు, జవాబు ఇవ్వకపోయినా ఎవరూ చూడరు. అందులో ‘నువ్వు బాధపడి ఉంటే’ అన్న మాట ఉంటే కొట్టేయించండి. ఏ బొమ్మలు చేశాడో, ఎక్కడెక్కడ పెట్టాడో, ఎవరెవరి దగ్గర తీయించాడో, ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో రాయించండి. ఆ చివరి సంగతే ఆ అబ్బాయికి నిజంగా కావలసింది. రాత్రుళ్లు ఊహించుకుంటూ ఉండేది దాని గురించే.

అలా రాయాలంటే ముందు తీయించాలి. దానికి ఫోను కావాలి. లాక్కోవడం తప్పనను, కానీ ఫోను మీ బీరువాలో ఉంటే స్టిక్కర్ ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. రోజూ సాయంత్రం ఒక గంట, భోజనాల బల్ల దగ్గర, మీ ఎదురుగా ఇవ్వండి. గ్రూపులో ఒక సందేశం పెట్టించవచ్చు: ‘ఆ బొమ్మలు నేనే చేశాను. తప్పు చేశాను. మీ దగ్గర ఉన్నవి, స్టిక్కర్‌తో సహా, తీసేయండి.’ ఆ అబ్బాయి పేరు వద్దు, బొమ్మ మళ్లీ అసలే వద్దు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఎవడో ఒకడు ఆ సందేశానికి జవాబుగా అదే స్టిక్కర్ పెడతాడు, దాదాపు ఖాయం. గ్రూపు అడ్మిన్ ఎవరి సందేశాన్నైనా తీసేయగలడు కాబట్టి అతనితో ముందే మాట్లాడి పెట్టమనండి. ఇది ప్రమాదమనిపిస్తే గ్రూపు జోలికి పోకుండా, ఫార్వర్డ్ చేసినవాళ్లను ఒక్కొక్కరినే అడిగించండి. వారం పడుతుంది, వాడికి నామోషీగా ఉంటుంది, కొందరు కాదంటారు కూడా. నాకు ఈ రెండో దారే ఎక్కువ నచ్చుతుంది. ఒక్క నిమిషంలో పంపినదాన్ని వెనక్కి తేవడానికి ఎంత సమయం పడుతుందో వాడి వేళ్లకే తెలుస్తుంది.

టీచరుకు ఎవరెవరి పేర్లు చెప్పాలన్నది ఇంకో ముడి. చీర కట్టించినవాడి పేరు చెబితే మీవాడు క్లాసులో చాడీకోరు అవుతాడు. చెప్పకపోతే ఆ బొమ్మ ఆగదు. ముందు తనది తాను చెప్పి, తరువాత ఆ పిల్లవాడికి ‘రేపటిలోగా నువ్వే చెప్పు, లేకపోతే మా అమ్మ చెబుతుంది’ అని ఒక రోజు గడువు ఇవ్వమనండి. టీచరును మీరు మాత్రం ఒకటి బతిమాలండి: ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి తిట్టవద్దని. మీవాడి పరువు కోసం కాదు. అలా తిడితే అంతవరకు ఆ బొమ్మ చూడని 300 మంది ఆ పూటే దాని కోసం వెతుక్కుంటారు.

ఆ అబ్బాయి తిరిగి వచ్చే రోజు ఎప్పుడో తెలిస్తే ముందు రోజు రాత్రి మీవాడితో కాసేపు కూర్చోండి. ఎదురెళ్లి భుజం మీద చెయ్యి వేయడం, పక్కన కూర్చోవడం, చాక్లెట్ ఇవ్వడం లాంటివి వద్దనండి. తన చోట తాను కూర్చోవాలి. హాజరు పిలిచేటప్పుడు ఆ అబ్బాయి నంబరు వస్తుంది. పలకడానికి సమయం పట్టవచ్చు. ఆ కాసేపూ వెనక్కి తిరిగి చూడకుండా, పుస్తకంలో తేదీ వేసుకుంటూ ఉండమనండి.